నొక్కినా రంగు పోని ఎర్ర మచ్చలు, బాబు కాళ్ళ మీద. జ్వరం లేదు. ఈ రాత్రికే చూపించాలా?

పటమట_లక్ష్మి
మా బాబుకి ఏడేళ్ళు. నిన్న స్నానం చేయిస్తుంటే రెండు మోకాళ్ళ కింద ఎర్రటి చుక్కలు కనిపించాయి. దోమలు కుట్టాయనుకున్నాను. ఈరోజు స్కూల్ నుంచి వచ్చేసరికి ఎక్కువయ్యాయి. కొన్ని వంకాయ రంగులోకి తిరిగాయి, పిరుదుల మీద కూడా వచ్చాయి. దురద లేదు. థర్మామీటర్ పెడితే 98.4 ఉంది. మామూలుగానే తిన్నాడు, టీవీ చూస్తున్నాడు. కుడి చీలమండ దగ్గర నొప్పి అంటున్నాడు, ఆటల్లో బెణికిందేమో. మా అత్తగారు అమ్మవారు పోసిందేమో, వేపాకు పెట్టమంటున్నారు. మా వారు చెమటకాయలంటున్నారు. వేలితో నొక్కి తీసి చూశాను, రంగు పోలేదు. అదే నాకు టెన్షన్‌గా ఉంది. ఇప్పుడు సాయంత్రం ఏడయింది. రేపటిదాకా ఆగొచ్చా?

బ్రాడీపేట_శ్రీను
ఇది డెంగ్యూనే. వానలు మొదలైనప్పటి నుంచి మా వీధిలో ఇంటికొకరు పడ్డారు. ప్లేట్‌లెట్లు పడిపోతే ఇలా చుక్కలొస్తాయి. రేపు పొద్దున బ్లడ్ టెస్ట్ చేయించండి, లక్ష దాటి ఉంటే ఇంక ఏ భయమూ లేదు. ఈలోపు బొప్పాయి ఆకు రసం పట్టండి.

కృష్ణలంక_కుర్రోడు
శ్రీను అన్న చేతిలో పడితే ఊళ్ళో బొప్పాయి చెట్లకి ఆకులు మిగలవు 😄

వార్డు_సిస్టర్
లక్ష్మి గారూ, వేలితో నొక్కితే వేలు తీశాక కదా కనిపించేది, సరిగ్గా తెలియదు. గాజు గ్లాసు తీసుకోండి. స్టీలు గ్లాసు పనికిరాదు, లోపలినుంచి కనపడాలి. గాజు గ్లాసు లేకపోతే జామ్ సీసా కడిగి తెచ్చుకోండి. గ్లాసు పక్క భాగాన్ని మచ్చ మీద గట్టిగా అదిమి, అదిమి ఉంచే గాజులోంచి చూడండి. దోమకాటు, చెమటకాయ, దద్దురు అయితే ఆ కాసేపు పాలిపోతుంది. గాజు కిందా అదే రంగులో ఉంటే అది వేరే సంగతి. ఒక్క మచ్చ చూసి వదలకండి, నాలుగైదు చోట్ల చూడండి. కొన్ని పోయి కొన్ని పోకపోయినా పోనట్టే లెక్క.

ఇంకో మాట. మన పిల్లల చామనఛాయ మీద చిన్న చుక్కలు త్వరగా కనపడవు. అరచేతులు, అరికాళ్ళు, కింది కనురెప్ప లోపలి వైపు, నోట్లో అంగిలి కూడా టార్చి వేసి చూడండి.

పటమట_లక్ష్మి
చూశాను సిస్టర్ గారూ. టీ గ్లాసు పెట్టి చూస్తే ఒక్కటి కూడా పోలేదు. అరచేతుల్లో, కళ్ళలో, నోట్లో ఏమీ లేవు. చేత్తో తడిమితే కొన్ని కొంచెం ఉబ్బెత్తుగా తగులుతున్నాయి.

సత్యనారాయణపురం_బాబాయ్
నాకూ ఇదే సమస్య అమ్మా. ముంజేతుల మీద ఎక్కడ చిన్న దెబ్బ తగిలినా, తగలకపోయినా, ఊదారంగు మచ్చలు పడుతున్నాయి. స్టెంట్ వేసినప్పటి నుంచి రోజూ రెండు మాత్రలు రక్తం పల్చబడడానికి వాడుతున్నాను. నేనూ గ్లాసు పెట్టి చూశాను, పోలేదు. ఆ మాత్రలు ఆపేయమంటారా?

పిల్లల_డాక్టర్_గుంటూరు
ముందు బాబాయ్ గారికి: ఆపకండి. స్టెంట్ వేసుకున్నవాళ్ళు ఆ మాత్రలు సొంతంగా ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. వయసులో చర్మం పల్చబడి, పైగా ఈ మాత్రలు ఉంటే ముంజేతుల మీద అలా కమలడం మామూలే. చిగుళ్ళ నుంచి రక్తం, మలం నల్లగా తారులా రావడం, తలకి దెబ్బ, ఈ మూడింట్లో ఏది ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. మామూలుగా ఉంటే ఈసారి వెళ్ళినప్పుడు మీ గుండె డాక్టరుకి చూపించండి.

లక్ష్మి గారూ, ఈ రాత్రికే చూపించండి. బాబు ప్రాణాపాయంలో ఉన్నాడని కాదు. మీరు చెప్పినదాన్ని బట్టి అలా అనిపించడం లేదు. కానీ కొత్తగా వచ్చి, ఒక్క రోజులో పెరిగి, నొక్కినా పోని మచ్చలు ఉన్న పిల్లాణ్ణి అదే రోజు ఒక డాక్టరు చూసి, రక్త పరీక్ష ఒకటి చేయించాలి. అది నాకు నియమం.

ఎందుకో చెప్తాను. మామూలు దద్దురులో చర్మం కింది సన్నటి నాళాలు వెడల్పై ఉంటాయి, రక్తం ఇంకా వాటి లోపలే ఉంటుంది. నొక్కితే పక్కకి జరుగుతుంది, వదిలితే వస్తుంది. పైపులో నీళ్ళు నొక్కితే జరుగుతాయి, పైపు కారి మట్టిలో ఇంకిన నీళ్ళని ఎంత నొక్కినా వెనక్కి పోవు. మీ బాబు మచ్చల్లో రక్తం నాళం దాటి బయటకి వచ్చేసింది. ఇక అసలు ప్రశ్న ఎందుకు దాటిందన్నది. కారేచోట అడ్డుపడే ప్లేట్‌లెట్లు తక్కువై దాటిందా, నాళం గోడే వాచి దెబ్బతిని దాటిందా, లేక ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదిరి గోడలూ పాడై, గడ్డకట్టే సరుకంతా ఖర్చైపోయి దాటిందా. మొదటి రెండింటికీ సాధారణంగా ఆలోచించుకునే టైము ఉంటుంది. మూడోదానికి గంటలే ఉంటాయి.

అందుకే ఇవి అడుగుతున్నాను: ఈ మధ్య జ్వరం గానీ గొంతునొప్పి గానీ వచ్చిందా? కడుపునొప్పి ఉందా? మూత్రం రంగు మారిందా? ముక్కు, చిగుళ్ళ నుంచి రక్తం? చీలమండ వాచిందా? ఈ రెండు వారాల్లో ఏవైనా మందులు వాడారా?

పటమట_లక్ష్మి
రెండు వారాల కిందట గొంతునొప్పి, జలుబు వచ్చి తగ్గాయి సార్. రక్తం ఎక్కడా రాలేదు. కడుపు మధ్యాహ్నం నొప్పి అన్నాడట, టీచర్ చెప్పారు. నేను క్యాంటీన్ తిండి అనుకున్నాను. చీలమండ ఇప్పుడు చూస్తే రెండూ వాచినట్టే ఉన్నాయి.

బ్రాడీపేట_శ్రీను
డాక్టరు గారూ, రాత్రిపూట పిల్లాణ్ణి తిప్పి టెన్షన్ పెట్టడం ఎందుకు? జ్వరం లేదు, ఆడుకుంటున్నాడు. మా ఇంటి దగ్గర ఆర్‌ఎంపీ గారు ఇలాంటివాటికి ఒక ఇంజక్షన్ వేస్తారు, పొద్దునకి తగ్గిపోతుంది.

పిల్లల_డాక్టర్_గుంటూరు
శ్రీను గారూ, మీ మొదటి మాటలో సగం నిజం ఉంది. మన దగ్గర ఈ సీజన్లో జ్వరంతో పాటు చుక్కలు వస్తే డెంగ్యూ గుర్తుకు రావాల్సిందే. కానీ ఇంజక్షన్ మాట మాత్రం వద్దు. ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో తెలియకుండా పిరుదులో సూది గుచ్చితే లోపల కండలో రక్తం గూడు కట్టే ప్రమాదం ఉంది. ఆ ఇంజక్షన్ చాలాసార్లు డైక్లోఫెనాక్ అయి ఉంటుంది. అది, ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ మూడూ ప్లేట్‌లెట్లు సరిగా పనిచేయకుండా చేస్తాయి. కారణం తేలేదాకా నొప్పికైనా జ్వరానికైనా బరువుకి తగ్గ పారాసెటమాల్ ఒక్కటే.

ఇంక "లక్ష దాటితే భయం లేదు" అన్నది. దానికి లక్ష్మి గారి బాబే ఉదాహరణ అవుతాడేమో, చూద్దాం.

ల్యాబ్_మూర్తి
కౌంట్ గురించి ఒక ముక్క. మెషిన్ ఇచ్చిన ప్లేట్‌లెట్ అంకె చూసి హడావిడి పడొద్దు, నిశ్చింతా పడొద్దు. ఊదా మూత ట్యూబులో కొందరి ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుపోతాయి. మెషిన్‌కి గుంపు ఒక్కటిగా కూడా కనపడదు, అంకె ముప్పై వేలని వస్తుంది, మనిషి మాత్రం బాగుంటాడు. స్లయిడ్ గీసి మైక్రోస్కోపు కింద చూస్తే గుంపులు కనిపిస్తాయి. అదే స్లయిడ్‌లో ఉండకూడని తెల్లకణాలు కనిపిస్తే బ్లడ్ క్యాన్సర్ అనుమానం కూడా అక్కడే వస్తుంది. కాబట్టి చీటీలో సీబీసీతో పాటు "స్మియర్" అని రాయించుకోండి. ఖర్చు పెద్దగా ఉండదు.

కృష్ణలంక_కుర్రోడు
మూర్తి గారూ, మా అన్నకి పోయిన నెల ఇరవై ఎనిమిది వేలని రిపోర్టు వస్తే ఇంటిల్లిపాదీ ఏడ్చారు. రెండో ల్యాబులో రెండు లక్షల పది వేలు. ఇదేనా సంగతి!

ల్యాబ్_మూర్తి
అయి ఉండొచ్చు తమ్ముడూ. ఆ మొదటి స్లయిడ్ చూడకుండా ఖాయంగా చెప్పలేను.

హాస్టల్_రవి
నాకు ఈ "జ్వరం లేదు కదా, రేపు చూద్దాం" అన్న మాట వింటేనే గుండె ఆగుతుంది. లక్ష్మి అక్కా, మీ బాబుకి జ్వరం లేదు, అది మీ అదృష్టం. మా వాడి సంగతి చెప్తాను, అందరూ చదవండి.

మా బాబాయి కొడుకు విజయవాడ దగ్గర ఒక కాలేజీ హాస్టల్లో ఇంటర్ మొదటి సంవత్సరం. సాయంత్రం ఆరింటికి చలిజ్వరం. వార్డెన్ పారాసెటమాల్ ఇచ్చి పడుకోమన్నాడు. అప్పుడు ఎవరైనా అంతే చేస్తారు. పదింటికి కాళ్ళు విపరీతంగా లాగుతున్నాయని ఏడ్చాడట. ఒళ్ళు కాలిపోతోంది, పాదాలు మాత్రం ఐసుముక్కల్లా ఉన్నాయని పక్క మంచం కుర్రాడు తర్వాత చెప్పాడు. రెండింటికి వాంతులు. తెల్లవారుజామున నాలుగింటికి బాత్రూము లైటులో పొట్ట మీద, తొడల మీద సన్న ఎర్ర చుక్కలు చూశారు. వార్డెన్ అలర్జీ అన్నాడు, దురద మాత్ర ఇచ్చాడు. క్లినిక్ పదింటికి తెరుస్తారు, అప్పుడు తీసుకెళ్దామన్నాడు. తొమ్మిదింటికి ఆ చుక్కలు కలిసిపోయి ఊదా నల్ల మచ్చలయ్యాయి, వాడు మాటలు తడబడుతున్నాడు. పక్క మంచం కుర్రాడే 108కి ఫోన్ చేశాడు.

ఆసుపత్రికి చేరేసరికి బీపీ అందలేదు. క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరమ్మ చొక్కా ఎత్తి చూసి, పరీక్షల కోసం ఆగకుండా యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కించారు. ఐసీయూలో చాలా రోజులు ఉన్నాడు. బతికాడు. ఎడమ కాలి వేళ్ళ కొసలు నల్లబడి తీసేయాల్సి వచ్చింది. మెనింగోకాకస్ అనే బాక్టీరియా వల్ల అన్నారు.

వన్‌టౌన్_అక్క
దేవుడా. చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. ఇప్పుడెలా ఉన్నాడు రవీ?

హాస్టల్_రవి
నడుస్తున్నాడు అక్కా, ప్రత్యేకమైన బూటు వేసుకుని. డిగ్రీలో చేరాడు.

పిల్లల_డాక్టర్_గుంటూరు
రవి గారూ, ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. ఆ రాత్రిని ఒక్కసారి వెనక్కి తిప్పి చూద్దాం, ఎందుకంటే అందరూ చుక్కల గంట మీదే దృష్టి పెడతారు.

ఆరింటికి ఉన్నది ఏ వైరల్ జ్వరమైనా కావచ్చు. అక్కడ ఎవరినీ తప్పు పట్టను. పదింటికి మారింది. జ్వరంలో ఒళ్ళునొప్పులు ఉంటాయి, కానీ నిలబడలేనంత కాళ్ళనొప్పి, ఒళ్ళు వేడి, చేతులు కాళ్ళు చల్లగా, పెదాల చుట్టూ పాలిపోవడం, ఇవి రక్తప్రసరణ చెడుతోందని చెప్పే గుర్తులు. ఈ జబ్బులో చాలామందికి చుక్కల కంటే కొన్ని గంటల ముందే ఇవి వస్తాయి. నాలుగింటి చుక్కలు మొదటి హెచ్చరిక కాదు, దాదాపు చివరిది.

అందుకే గ్లాసు పరీక్షని అతిగా నమ్మొద్దంటాను. మెనింగోకాకస్ మచ్చలు మొదట్లో కొందరికి మామూలు దద్దురులాగే నొక్కితే పోతాయి. కొన్ని గంటల తర్వాత పోకుండా అవుతాయి. కొందరికి మచ్చలే రావు. కాబట్టి గ్లాసు కింద రంగు పోలేదంటే వెంటనే కదలండి. పోయిందంటే మాత్రం అది నిశ్చింతకి సర్టిఫికెట్ కాదు. పిల్లవాడు మగతగా ఉంటే, మెడ వంచలేకపోతే, ఊపిరి వేగంగా తీస్తుంటే, కాళ్ళు చల్లబడితే మచ్చల సంగతి వదిలేసి బయల్దేరండి.

ఆ డాక్టరమ్మ పరీక్షల కోసం ఆగకపోవడం సరైన పని. సెఫ్ట్రయాక్సోన్ మొదటి డోసు వెంటనే పడాలి. వెన్నులో నీరు తీసే పరీక్ష తర్వాతైనా చేయొచ్చు, అసలు ఇలా మచ్చలు పాకుతూ బీపీ పడిపోతున్నప్పుడు అది చేయకూడదు కూడా. ఈ దశలో ప్లేట్‌లెట్లు ఒక్కోసారి నార్మల్‌గానే ఉంటాయి, శ్రీను గారూ. కౌంట్ పడిపోయేదాకా ఆగితే రోగి దక్కడు.

బ్రాడీపేట_శ్రీను
అది ఒప్పుకుంటాను సార్. కానీ మన ఊళ్ళలో ఇది ఎంతమందికి వస్తుంది? డెంగ్యూయే కదా ఎక్కువ? ప్రతి చుక్కకీ ఐసీయూ అంటే జనం బతకలేరు.

వార్డు_సిస్టర్
ప్రతి చుక్కకీ అని ఎవరన్నారు తమ్ముడూ? కోరింతదగ్గు పిల్లలు దగ్గి దగ్గి, వాంతులైన పిల్లలు కక్కి కక్కి, మొహం మీద, మెడ మీద సన్న చుక్కలు తెచ్చుకుంటారు. ఛాతీకి పైనే ఉంటాయి, కిందకి రావు. పిల్లాడు హుషారుగా ఉంటాడు. డాక్టరు చూసి, కొన్ని గంటలు ఉంచి, కొత్తవి రాకపోతే ఇంటికి పంపేస్తారు. పొట్ట మీదా కాళ్ళ మీదా ఉండి, జ్వరమూ ఉంటే అప్పుడు పరిగెత్తాలి. అదీ తేడా.

పిల్లల_డాక్టర్_గుంటూరు
శ్రీను గారి ప్రశ్న న్యాయమైనదే. మన జిల్లాల్లో జ్వరంతో ఇలాంటి చుక్కలు వచ్చేవాళ్ళలో డెంగ్యూనే ఎక్కువ చూస్తాం. స్క్రబ్ టైఫస్ కూడా చూస్తాం. పొలానికో తుప్పల్లోకో వెళ్ళినవాళ్ళకి చంకలోనో గజ్జల్లోనో సిగరెట్‌తో కాల్చినట్టు నల్ల పొక్కు ఉంటుంది, బట్టలు విప్పి వెతికితేనే దొరుకుతుంది. దానికి డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది, మామూలు జ్వరాలకి ఇచ్చే చాలా యాంటీబయాటిక్స్ పనిచేయవు.

డెంగ్యూలో కూడా చుక్కలకంటే కొంప ముంచేది వేరే ఉంది. జ్వరం తగ్గిన రోజు ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సరిగ్గా ఆ ఒకటి రెండు రోజుల్లోనే నాళాల్లోంచి నీరు కారిపోయి షాక్ వస్తుంది. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత, మూత్రం తగ్గడం ఉంటే ప్లేట్‌లెట్ అంకె ఎంతున్నా అడ్మిట్ కావాలి. అక్కడ ప్రాణం నిలబెట్టేది లెక్కగా ఎక్కించే సెలైన్. బొప్పాయి ఆకు రసం తాగి వాంతులు చేసుకుంటే ఆ నీరు ఇంకా పోతుంది.

బ్రాడీపేట_శ్రీను
మా ఆవిడకి బొప్పాయి రసంతోనే పెరిగాయి సార్. కళ్ళారా చూశాను.

పిల్లల_డాక్టర్_గుంటూరు
డెంగ్యూలో జ్వరం తగ్గిన రెండు మూడు రోజులకి కౌంట్ దానంతటదే పెరుగుతుంది. ఏది పెంచిందో ఒక్క మనిషిని చూసి మీరూ తేల్చలేరు, నేనూ తేల్చలేను.

కొత్తపేట_భాయ్
రవి భాయ్ చెప్పిన జబ్బుకి టీకా ఉంది కదా? మా అమ్మ హజ్‌కి వెళ్ళేటప్పుడు తప్పనిసరిగా వేయించారు. ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలన్నారు.

హాస్టల్_రవి
అవును భాయ్. మా చెల్లి టెక్సాస్‌లో చదువుకి వెళ్తుంటే యూనివర్సిటీ వాళ్ళు అడిగారు. అక్కడ 22 ఏళ్ళ లోపు కొత్త విద్యార్థులకి రూలట. ఇక్కడ మన హాస్టళ్ళలో గదికి అంతమందిని కుక్కుతారు, ఒక్కరికీ వేయించరు. హాస్టల్లో చేర్చే ప్రతి పిల్లాడికీ వేయించాలి అంటాను నేను.

పిల్లల_డాక్టర్_గుంటూరు
నేను అంత దూరం వెళ్ళను. మన దేశంలో ఇది ప్రభుత్వ టీకాల పట్టికలో లేదు. ఢిల్లీలో 2005లో, తర్వాత మేఘాలయ, త్రిపురల్లో 2008-09లో పెద్దగా వ్యాపించింది, కానీ మన దగ్గర విడివిడి కేసులే. ప్లీహం తీసేసినవాళ్ళకి, హజ్ యాత్రికులకి, ఆ దేశాలకి చదువుకి వెళ్ళేవాళ్ళకి తప్పక వేస్తాను. హాస్టల్ పిల్లల తల్లిదండ్రులు అడిగితే వేస్తాను, నేనుగా అందరికీ రాయను. ఆ డబ్బుతో ముందు టైఫాయిడ్, ఫ్లూ టీకాలు వేయించమంటాను.

వార్డు_సిస్టర్
ఇక్కడ మీతో ఏకీభవించలేను సార్. ఆ పిల్లాడి కాలు చూసినవాళ్ళు అరుదు అన్న మాటతో సరిపెట్టుకోలేరు. కొనగలిగినవాళ్ళకి చెప్పాలి కదా, వద్దనుకుంటే వాళ్ళిష్టం.

రవీ, మీ వాడి గదిలోవాళ్ళకి మాత్రలు ఇచ్చారా?

హాస్టల్_రవి
ఇచ్చారు సిస్టర్. గదిలో అందరికీ, ఒకే కంచంలో తిన్న ఇద్దరికీ, ఒక్కొక్క సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర. అదీ ఆసుపత్రివాళ్ళు ఫోన్ చేసి గట్టిగా చెప్తేనే.

వార్డు_సిస్టర్
మంచిది. అది మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే పడాలి. పక్క తరగతివాళ్ళకి, కారిడార్లో కలిసినవాళ్ళకి అవసరం లేదు. దగ్గరగా పడుకున్నవాళ్ళకీ, ఇంట్లోవాళ్ళకీ చాలు.

పటమట_లక్ష్మి
ఆసుపత్రి నుంచి రాస్తున్నాను. రాత్రి తొమ్మిదింటికి పిల్లల డాక్టరు చూశారు. బీపీ చూశారు, బాగుంది. సీబీసీ, స్మియర్ రెండూ చేశారు. ప్లేట్‌లెట్లు 3,40,000. మా వారు అది చూడగానే "చెప్పానా, ఏమీ లేదు, పద ఇంటికి" అన్నారు. కానీ డాక్టరు గారు మచ్చలు తడిమి, చీలమండలు నొక్కి చూసి, కడుపు చూసి, ఇది నాళాల వాపు, హెచ్‌ఎస్‌పీ అంటారు అన్నారు. మూత్రం కూడా పరీక్షకి పంపారు, అందులో రక్తం, ప్రోటీన్ లేవన్నారు. కడుపునొప్పి రాత్రి మళ్ళీ వచ్చిందని తెల్లారేదాకా ఉంచుతామన్నారు. ప్లేట్‌లెట్లు బాగుంటే రక్తం ఎందుకు బయటకొచ్చినట్టు, ఇది నాకు ఇంకా అర్థం కావట్లేదు.

పిల్లల_డాక్టర్_గుంటూరు
మంచి పని చేశారు. నేను అనుమానించింది ఇదే: పిరుదులు, కాళ్ళ మీద తడిమితే తగిలే మచ్చలు, చీలమండల వాపు, కడుపునొప్పి, రెండు వారాల ముందు గొంతునొప్పి. చూడకుండా పేరు పెట్టడం ఇష్టం లేక చెప్పలేదు.

మీ ప్రశ్నకి: గొంతు ఇన్ఫెక్షన్ మీద ఒంట్లో తయారైన ఐజీఏ అనే రక్షక పదార్థం ముద్దలై సన్న నాళాల గోడల్లో పేరుకుంటుంది. గోడ వాస్తుంది, అందుకే మచ్చ చేతికి తగులుతుంది, రక్తం చెమ్మలా బయటకొస్తుంది. అడ్డుపడే ప్లేట్‌లెట్లు నిండుగా ఉన్నాయి, గోడే చెడింది. ప్లేట్‌లెట్లు పడిపోయి వచ్చే చుక్కలు చేతికి తగలవు, చదునుగా ఉంటాయి. ఆ పిల్లలకి కౌంట్ పది, పదిహేను వేలుండి కూడా హుషారుగా తిరుగుతుంటారు. అదీ ఎక్కువగా వైరల్ జ్వరం తర్వాత వచ్చి, చాలామందికి ఆరు నెలల్లోపే దానంతటదే తగ్గిపోతుంది.

మీ బాబు కాళ్ళకి వచ్చినట్టే పేగుల్లో, కీళ్ళలో, మూత్రపిండాల్లో కూడా ఇదే వాపు రావచ్చు. కడుపునొప్పికి ఉంచుకోవడం అందుకే. పేగు ఒకదాంట్లోకి ఒకటి దూరుకుపోతే స్కానింగ్‌లో కనిపిస్తుంది. నొప్పి తెరలు తెరలుగా వచ్చి మెలికలు తిరిగిపోతే, మలంలో రక్తం పడితే, ఎంత రాత్రయినా సిస్టర్‌ని లేపండి.

సత్యనారాయణపురం_బాబాయ్
అమ్మా లక్ష్మీ, పిల్లాడు జాగ్రత్త. డాక్టరు గారూ, నా మాత్రలు ఆపలేదు. వచ్చే వారం చూపించుకుంటాను.

వన్‌టౌన్_అక్క
మా ఆడపడుచు కూతురికి ఇదే వచ్చింది. స్టెరాయిడ్ వాడితే మూడు రోజుల్లో కడుపునొప్పి పోయింది. లక్ష్మీ, మీరూ అడగండి.

పిల్లల_డాక్టర్_గుంటూరు
కడుపునొప్పి, కీళ్ళనొప్పి తీవ్రంగా ఉంటే స్టెరాయిడ్ ఉపశమనం ఇస్తుంది, నేనూ వాడతాను. కిడ్నీ చెడకుండా ముందే ఆపుతుందని కొందరు మొదటి రోజు నుంచీ ఇస్తారు. జరిగిన పరిశోధనలు ఆ మాటని బలపరచలేదు. బాబుని చూస్తున్న డాక్టరుకే వదిలేయండి, ఇక్కడినుంచి నేను చెప్పేది కాదు.

పటమట_లక్ష్మి
డిశ్చార్జ్ చేశారు. స్కానింగ్ బాగుంది, నొప్పి తగ్గింది. స్టెరాయిడ్ ఇవ్వలేదు. కాళ్ళ మీద కొత్తవి నాలుగైదు వచ్చాయి, పాతవి గోధుమ రంగుకి తిరిగాయి. మళ్ళీ ఎక్కువవుతోందా అని భయంగా ఉంది. మూత్రం పరీక్షకి ప్రతి వారం రమ్మన్నారు. ఈసారి బాగుంది కదా, మళ్ళీ మళ్ళీ ఎందుకని మా అత్తగారి ప్రశ్న. స్కూలుకి పంపొచ్చా?

పిల్లల_డాక్టర్_గుంటూరు
కొత్త మచ్చలు కొన్ని వారాలపాటు విడతలుగా వస్తూ పోతుంటాయి, ఎక్కువ నడిచిన రోజు పెరుగుతాయి కూడా. అవి లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి. అంటువ్యాధి కాదు, నొప్పి లేకపోతే స్కూలుకి పంపండి. పీటీ పీరియడ్ మాత్రం కొన్నాళ్ళు వద్దు.

మూత్రం పరీక్ష వదలొద్దు. కిడ్నీ వాపు మొదటి రోజు కనిపించకపోవచ్చు, ఎక్కువగా మొదటి నెలా రెండు నెలల్లో బయటపడుతుంది, మచ్చలు పోయాక కూడా రావచ్చు. బాబుకి నొప్పి ఉండదు, మూత్రం రంగు కంటికి మారకపోవచ్చు, స్ట్రిప్ ముంచితేనే తెలుస్తుంది. మొదటి నెల వారం వారం, తర్వాత నెలకోసారి, మొత్తం ఆరు నెలలు, ప్రతిసారీ బీపీతో పాటు. మీ అత్తగారికి ఇలా చెప్పండి: ఈ జబ్బులో తర్వాత ఇబ్బంది పెట్టేది కాళ్ళ మీద మచ్చ కాదు, కిడ్నీ.

ల్యాబ్_మూర్తి
పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం, మధ్యలోది పట్టి గంటలోపు ల్యాబుకి చేర్చండి. ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టుకుని తిరిగితే ఎర్రకణాలు పగిలిపోతాయి, మైక్రోస్కోపు కింద కనపడవు.

పటమట_లక్ష్మి
అలాగే మూర్తి గారూ. ల్యాబు మా వీధి చివరే ఉంది, సోమవారం నేనే నడిచి వెళ్ళి ఇచ్చొస్తాను. రిపోర్టు రాగానే ఇక్కడ పెడతాను.

హాస్టల్_రవి
అక్కా, తప్పకుండా పెట్టండి. సిస్టర్ గారూ, డాక్టరు గారూ, టీకా సంగతి మాత్రం మనం ఇంకా తేల్చుకోలేదు. మా వాడి కాలేజీ హాస్టల్‌కి ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. జ్వరం వచ్చిన పిల్లాణ్ణి రాత్రి ఎన్నిసార్లు చూడాలి, ఏమి చూడాలి అన్నది ఇద్దరూ చెరో నాలుగు వాక్యాలు రాసివ్వండి, దాన్నే గోడకి అంటించమంటాను.

వార్డు_సిస్టర్
ఇప్పుడే రాస్తాను. మొదటి వాక్యం: దుప్పటి తీసి పాదాలు ముట్టుకుని చూడాలి.